గోడ మీద గీతలు, క్యాలెండర్‌లో గడులు

(కవుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

ఇవాళ ఒక్క కవిత గురించే మాట్లాడతాను. భర్త విదేశంలో పని చేస్తున్నాడు, భార్య ఎదురుచూస్తోంది. అంతే విషయం. రాసినావిడ ఈ గదిలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. మీరు కూడా పక్కవాళ్ల ముఖాల్లోకి చూడకండి, పాపం ఇబ్బంది పడతారు. తన చిత్తుప్రతులు కూడా చదివి వినిపించడానికి ఒప్పుకున్నారు. చిత్తుప్రతి చూపించడమంటే మామూలు సంగతి కాదు. నేనైతే నావి ఎవరికీ చూపించను.

మొదటి ప్రతి ఇలా మొదలైంది.

నీవు లేని ఈ లోకం చీకటి
కన్నీటి సంద్రంలో నేనొక నావ
ఏ తీరం చేరాలో ఎరుగను

ఇందులో తప్పేముంది చెప్పండి? ఏమీ లేదు. తప్పు లేకపోవడమే నాకు చిక్కయింది. ఏ మాటనీ పట్టుకుని ఇది మార్చు అనలేకపోయాను. కాసేపటికి ఒకటి తోచింది. ఈ మూడు పంక్తులూ భర్త చనిపోయినావిడ రాసినా సరిపోతాయి. భర్త వదిలేసి వెళ్లిపోయినావిడ రాసినా సరిపోతాయి. అసలు పెళ్లే కాని పిల్ల రాసినా సరిపోతాయి! మరి ఈవిడ పరిస్థితి వాళ్లందరి పరిస్థితీ ఒకటేనా? కాదు కదా. ఈవిడ భర్త బతికే ఉన్నాడు. ప్రేమగానే ఉన్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు. తిరిగి వస్తాడు. ఎప్పుడొస్తాడో కూడా తెలుసు. ఏ తీరం చేరాలో ఎరుగను అంటే అబద్ధం. తీరం తెలుసు, తేదీ కూడా తెలుసు.

అప్పుడు ఫోన్‌లో అడిగాను. "అమ్మా, ఆయన ఎప్పుడొస్తారు?" అన్నాను. "రెండేళ్ల కాంట్రాక్ట్ సార్, ఇంకా నాలుగు వందల పన్నెండు రోజులుంది" అన్నారు. ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆగి లెక్కేసుకోలేదు. మీ ఇంటి నంబర్ ఎంత అంటే చెప్పినట్టు చెప్పేశారు. "మరి ఆ నాలుగు వందల పన్నెండు మీ కవితలో ఎక్కడుందమ్మా?" అని అడిగాను. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. కట్ అయిందేమో అనుకున్నాను.

నా పాయింట్ అదే. వేరే బాధలకీ ఈ బాధకీ తేడా ఎక్కడుందంటే, దీనికి గడువుంది. పాతవాళ్లు 'అవధి' అన్నారు. గడువున్న బాధ ఊరుకోదు, లెక్క పెడుతుంది. ఏడవడానికి ముందు లెక్క పెడుతుంది. ఈ సంగతి మనకంటే చాలా ముందే కనిపెట్టినవాళ్లున్నారు. అక్కడికి ఒకసారి వెళ్లొద్దాం.

గాథాసప్తశతి పేరు విననివాళ్లు ఇక్కడ ఉండరు. శాతవాహన రాజు హాలుడి పేరుతో ఉన్న సంకలనం, ఏడు వందల ప్రాకృత గాథలు. అందులో ఒక గాథ మొదటి సగం చదువుతాను. అర్థం గురించి ఆలోచించకండి, చెవితో వినండి.

అజ్జం గఓ త్తి అజ్జం గఓ త్తి అజ్జం గఓ త్తి గణిరీఏ

ఏం వినబడింది? ఒకే మాట మూడుసార్లు వినబడింది. 'ఈ రోజే వెళ్లాడు, ఈ రోజే వెళ్లాడు, ఈ రోజే వెళ్లాడు' అని లెక్కపెట్టుకుంటూ ఉంది ఆవిడ. అలా అనుకున్నప్పుడల్లా గోడ మీద ఒక గీత గీస్తోంది. రెండో సగంలో ఏం జరిగిందంటే, మొదటి రోజు మధ్యాహ్నం కాకముందే గోడంతా గీతలతో నిండిపోయింది. అంతే గాథ.

దీన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఛందస్సు అనగానే భయపడకండి, ఒక్క నిమిషం. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు, అంతే. గాథలో మొదటి సగానికి 30 మాత్రలు, రెండో సగానికి 27. మొత్తం కలిపి 57 మాత్రలే కవి చేతిలో ఉన్న సొమ్ము. ఇప్పుడు 'అజ్జం గఓ త్తి' అన్న ముక్క ఎనిమిది మాత్రలు. మూడుసార్లు అంటే 24. మొదటి సగంలో ఉన్న 30లో 24 మాత్రలు ఒకే మాటని తిప్పి తిప్పి అనడానికి ఖర్చు పెట్టేశాడు! మిగిలిన ఆరింటిలో 'లెక్కపెడుతున్నావిడ చేత' అన్న మాట పెట్టాడు. మనమైతే ఏం చేస్తాం? అంత తక్కువ చోటిస్తే కన్నీళ్లు, నిట్టూర్పులు, వెన్నెల, అన్నీ కుక్కేస్తాం. ఆయన, లేదా ఆవిడ, కుక్కలేదు. మీరు ఆ పంక్తి చదువుతుంటే మీ నోరే గోడ మీద గీతలు గీస్తుంది. ఒకటి, రెండు, మూడు.

ఇంకో తమాషా చూశారా? ఆవిడ లెక్క తప్పు. రోజుకొక గీత గీయాలి, పూట గడవకముందే గోడ నింపేసింది. తప్పు లెక్క కాబట్టే కవిత అయింది. సరిగ్గా రోజుకో గీత గీసుంటే అది హాజరుపట్టీ అయ్యేది.

అదే సంకలనంలో ఇంకొక గాథ. ఇక్కడ కూడా గోడ మీద గీతలున్నాయి, ఈవిడ మాత్రం సరిగ్గానే గీస్తోంది. వస్తానన్న రోజు దగ్గర పడుతోంది. స్నేహితురాళ్లకు భయం పట్టుకుంది. ఆ రోజుకి ఆయన రాకపోతే? ఈ పిల్ల ఏమైపోతుంది? అందుకని ఆవిడ చూడకుండా రెండు మూడు గీతలు దొంగతనంగా చెరిపేస్తున్నారు. చెరిపేస్తే గడువు ఇంకా రాలేదని అనుకుంటుంది కదా. ఎంత గొప్ప ఊహ! ఇందులో బాధపడేది ఎవరు? ఎదురుచూసే ఆవిడ నోరెత్తలేదు. బాధంతా గీతలు చెరిపే చేతుల్లో ఉంది.

మూడోది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది ఆ అమ్మాయి. చేతివేళ్లు అయిపోయాయి. కాలివేళ్లు కూడా అయిపోయాయి. 'ఇక దేనితో లెక్కపెట్టాలి' అని ఏడ్చింది. ఇది వినగానే నవ్వొస్తుంది. మీలో చాలామంది నవ్వారు, నేను చూశాను. తర్వాత నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. ఎందుకు? ఇరవై అనే సంఖ్య పెద్దదేం కాదు. ఇరవై రోజులంటే నెల కూడా కాదు. అయినా ఇరవై ఒకటో రోజున ఆ పిల్లకి ఒళ్లు చాలలేదు. ఆ లెక్క ఒంటి మీద జరిగింది కాబట్టి నొప్పి కూడా ఒంటికే తెలిసింది.

ఇవి చెప్పగానే మన కవయిత్రిగారు ఏం చేశారో తెలుసా? రెండో ప్రతి నిండా అంకెలు నింపేశారు. నాలుగు వందల పన్నెండు వచ్చింది. ఏడు వందల ముప్పై రోజులు వచ్చింది. పదిహేడు వేల అయిదు వందల ఇరవై గంటలు కూడా వచ్చింది! లెక్క కరెక్టే, నేను గుణించి చూసుకున్నాను. కానీ పదిహేడు వేల గంటలు ఎవరికి తగులుతాయి? నాకు తగల్లేదు. పదిహేడు వేలు అంటే 'చాలా' అనే అర్థం తప్ప ఇంకేం రాదు. వేళ్లకి అందని అంకె కవితలో ఎంత పెద్దదైనా తేలిగ్గానే ఉంటుంది. తప్పు నాదే అనుకోండి. అంకె పెట్టమన్నాను గానీ, అంకెని చేత్తో ముట్టుకునేలా పెట్టమని చెప్పలేదు.

మూడో ప్రతికి ఆవిడే దారి కనుక్కున్నారు. ఇప్పుడు కవిత మొత్తం చదువుతాను. ఇది నాలుగోది, ఆఖరి ప్రతి. పేరు 'లెక్క'.

నువ్వు వెళ్లిన నాడు
క్యాలెండర్‌లో ఒక గడి కొట్టేశాను.
రెండేళ్లంటే ఎంత,
ఇరవై నాలుగు పేజీలే కదా అన్నావు.
పేజీలు నువ్వు తీసుకెళ్లావు
గడులు నాకు వదిలావు.

రోజూ నీ ముఖం ఫోన్‌లో కనబడుతుంది.
జ్వరమొచ్చిన రోజు
లైటు నా వెనక పడేలా కూర్చున్నాను.
ముఖం చీకటిగా ఉందేం, కరెంటు లేదా
అన్నావు.
లేదు అన్నాను.

నువ్వొచ్చావు.
నీ పెట్టె అటక ఎక్కించబోతే
ముప్పై రోజులకేగా,
మంచం కిందే ఉండనీ అన్నావు.
ఆ రాత్రి
నువ్వు నిద్రపోయాక లేచి
మళ్లీ ఒక గడి కొట్టేశాను.

ఇంకోసారి చదవమంటారా? ఆఖర్లో చదువుతాను, మధ్యలో కాస్త మాట్లాడుకుందాం.

మొదటి భాగం చూడండి. సంఖ్య ఒక్కటే ఉంది, ఇరవై నాలుగు. ఏడు వందల ముప్పై ఎక్కడా లేదు. కానీ గడులు అన్న మాటలో అది మొత్తం ఉంది. వెళ్లేవాడు పేజీల్లో లెక్కపెడతాడు, ఉండిపోయేవాళ్లు గడుల్లో లెక్కపెడతారు. కాలం ఒకటే, కొలత వేరు. ఇందులో ఆయన్ని తప్పు పట్టడం ఉందా? కొంచెం ఉంది. కానీ ఆయన చెడ్డవాడు కాదు, ధైర్యం చెప్పబోయాడు. ధైర్యం చెప్పడం కోసం కాలాన్ని చిన్నది చేసి చూపించాడు. మనందరం ఆ పని చేసేవాళ్లమే. రెండేళ్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి అనలేదూ మనం ఎప్పుడో ఒకప్పుడు?

రెండో భాగం గురించి నాకు ఎక్కువ మాట్లాడాలని ఉంది. ఈ మధ్య ఇలాంటి కవితలు చాలా వస్తున్నాయి, అందరూ ఇక్కడే దెబ్బతింటున్నారు. ఎందుకంటే పాత కవితలోని విరహమంతా కబురు లేకపోవడం మీద నిలబడింది. ఎలా ఉన్నాడో తెలియదు. ఇప్పుడు ముఖం రోజూ కనబడుతుంది. చాలామంది కవులు ఈ చిక్కుని ఎలా దాటుతున్నారంటే, ఫోన్‌ని కవితలోంచి తీసేస్తున్నారు! కబురు లేదు, ఉత్తరం లేదు అని రాస్తున్నారు. ఎవరికండీ కబురు లేనిది? మీరు ఉదయం గంటసేపు మాట్లాడి వచ్చి, సాయంత్రం కబురు లేదని రాస్తే ఎలా? ఇంకొందరు ఫోన్‌ని తిడతారు, తెర మీది బొమ్మ, చల్లటి గాజు, అంటూ. అదీ పది చోట్ల చదివేశాం.

కాళిదాసు మేఘదూతంలో ఒక మాట ఉంది. యక్షుడు ఉద్యోగంలో అశ్రద్ధ చేసి, యజమాని శాపంతో భార్యకి ఏడాది దూరంగా ఉండాల్సి వచ్చినవాడు. చిన్న ట్రాన్స్‌ఫర్ అనుకోండి, పనిష్మెంట్ మీద. మేఘంతో కబురు పంపిస్తాడు కదా, ఆ కబురులో మొదటి మాట ఏమిటి? అంత పెద్ద కావ్యంలో, అన్ని ఉపమానాల తర్వాత, మొదటి మాట ప్రేమ గురించి కాదు. 'అవ్యాపన్నః'. అంటే నాకేం కాలేదు, క్షేమంగా ఉన్నాను. వెంటనే నీ క్షేమం అడుగుతున్నాను అంటాడు. ఎప్పుడు ఏ ఆపద వస్తుందో తెలియని ప్రాణులతో ముందు మాట్లాడాల్సిన మాట ఇదే అని కూడా అంటాడు. బాగున్నాను, నువ్వు బాగున్నావా. ఇవాళ్టి ఫోన్ కాల్స్‌లో మొదటి మాట కూడా అదే కదా!

ఇక్కడ ఆ మాటకే గండి పడింది. బాగా లేని రోజున కూడా బాగున్నానని చెప్పాలి. అంత దూరంలో ఉన్నవాడికి జ్వరమని చెబితే ఏం చేస్తాడు? రాలేడు. టెన్షన్ పడతాడు, పనిలో మనసు పెట్టలేడు. అందుకని చెప్పరు. అటువైపు నుంచి కూడా అంతే, ఆయనేం దాస్తున్నాడో మనకు తెలియదు. కాబట్టి ఇప్పటి దూరం ఎక్కడుందంటే, ఆ దాచిపెట్టడంలో ఉంది. ఫోన్ వచ్చాక దూరం పోలేదు, మాట లోపలికి వెళ్లి కూర్చుంది.

మూడో ప్రతిలో ఈ చోట ఇంకో పంక్తి ఉండేది. 'నా బాధ నీకు తెలియకూడదని' అని. లైటు వెనక పడేలా కూర్చున్నాను, నా బాధ నీకు తెలియకూడదని. తీసేయమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పాఠకులకు అర్థం కాదేమో సార్ అన్నారు. నేను ఒక పని చేశాను. ఆ పంక్తి తీసేసి మా ఇంట్లో చదివి వినిపించాను. కవిత్వం జోలికి పోని మనిషి మా ఆవిడ. విని, 'లైటు వెనక ఉంటే ముఖం కనబడదు కదా, అందుకా' అంది. సరిపోయింది. లైటుకి తెలిసిన సంగతి మళ్లీ మనం చెప్పక్కర్లేదు.

ఆ 'లేదు' అన్న మాట మాత్రం నాకు ఎంతో నచ్చింది. కరెంటు లేదా అన్నాడు. లేదు అంది. ఏం లేదు? కరెంటు లేదన్నదా, ఇంకేమైనా లేదన్నదా? ఈ మాట ఆవిడ కావాలని పెట్టారా అని అడిగాను. లేదు సార్, నిజంగా అదే అన్నాను అన్నారు. చూశారా, మళ్లీ లేదు!

ఒక చిన్న మాట, విషయానికి కొంచెం పక్కకి. మన అలంకారశాస్త్రంలో ఎనిమిది రకాల నాయికల్ని చెప్పారు కదా, అందులో ఒకావిడ ప్రోషితభర్తృక. ప్రోషిత అంటే ప్రవాసం వెళ్లిన. రెండు మాటలకీ ధాతువు ఒకటే, వస్, అంటే నివసించడం. దూరంగా నివసించే భర్త గలది. ఇవాళ భార్య విదేశంలో ఉద్యోగం చేస్తూ భర్త ఇంట్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు? అతని గోడ మీద గీతల కవిత ఎవరైనా రాస్తే చదవాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఇక్కడ మగవాళ్లున్నారు, వింటున్నారా?

సరే, మూడో భాగానికి వద్దాం. ఇది మూడో ప్రతిలో లేదు. ఉండే వీల్లేదు, ఎందుకంటే అప్పటికి జరగలేదు. ఆయన సెలవు మీద రాకముందు మూడో ప్రతి, వచ్చి వెళ్లాక నాలుగో ప్రతి. పాత కవితలన్నీ దాదాపు రాకముందే ఆగిపోతాయి. మేఘదూతంలో యక్షుడు, తన భార్య గడప దగ్గర పూలు పెట్టి మిగిలిన నెలలు లెక్కపెట్టుకుంటూ ఉండొచ్చని ఊహిస్తాడు. నాలుగు నెలలు ఎలాగోలా కళ్లు మూసుకుని గడిపేయి అంటాడు. ఆ తర్వాత? శాపం తీరుతుంది, కలుసుకుంటారు. ఇక విడిపోరు. శాపానికి రెన్యువల్ లేదు!

కాంట్రాక్ట్‌కి ఉంది. నెల సెలవు మీద వస్తాడు, మళ్లీ వెళ్తాడు. కాబట్టి వచ్చిన క్షణం నుంచి లెక్క వెనక్కి తిరుగుతుంది. నిన్నటిదాకా గడి కొట్టేస్తే ఆయన ఒక రోజు దగ్గరయ్యేవాడు. ఇప్పుడు గడి కొట్టేస్తే ఒక రోజు దూరమవుతాడు. పెన్ను అదే, గడి అదే. ఈ సంగతి పాత కవులకు దొరకలేదు, వాళ్లకి ఆ అవసరం రాలేదు. ఎదురుచూపు రాకతో ముగియదు అన్నది ఈ కవితలో కొత్తగా వచ్చిన సంగతి. దాన్ని ఆవిడ ఎక్కడ పెట్టారు? మంచం కింద పెట్టెలో పెట్టారు. అటక ఎక్కని పెట్టె. అటక ఎక్కితే ఆయన వచ్చినట్టు. మంచం కింద ఉంటే వెళ్లబోతున్నట్టు.

ఇక్కడే మా ఇద్దరికీ గొడవ వచ్చింది. ఇప్పటికీ తేలలేదు, అందుకే మీ ముందు పెడుతున్నాను. నా వాదన ఏమిటంటే, 'మంచం కిందే ఉండనీ అన్నావు' దగ్గర కవిత ఆగిపోవాలి. పెట్టె చాలు. తర్వాత మూడు పంక్తులు అనవసరం. ఇందాక లైటు విషయంలో ఒప్పుకున్నారు కదా, ఇక్కడా అదే సూత్రం కదా అన్నాను. క్యాలెండర్‌తో మొదలుపెట్టి క్యాలెండర్‌తో ముగించడం మరీ పొందిగ్గా, పెట్టెకి మూత బిగించినట్టు ఉంది అని కూడా అన్నాను.

ఆవిడ విన్నారు. రెండు రోజులు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక మెసేజ్ పెట్టారు. చదువుతాను. "మీరు ఆపమన్న చోట ఆపితే కవిత ఆయన మాట మీద ఆగుతుంది సార్. ఆయన అన్నాడు, అయిపోయింది. నేను ఆ రాత్రి లేచాను. అది ఎవరూ చూడలేదు."

నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను. సగం. మీరు విని చెప్పండి. ఒకసారి చివరి పంక్తులతో చదువుతాను, ఒకసారి లేకుండా చదువుతాను. కళ్లు మూసుకోండి.